కాలానికి ముందూ వెనకా ఎక్కడివి? భావనాత్మక రూపకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

భావనాత్మక రూపకం, అంటే కాన్సెప్చువల్ మెటఫర్ గురించి మాట్లాడినప్పుడల్లా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం. ఉదాహరణలు మాత్రం ఒక్క విషయం నుంచే తీసుకున్నాం: కాలం గురించి మాట్లాడటానికి మనం స్థలం మాటల్ని ఎలా వాడుకుంటున్నాం అన్నది. కోపం, ప్రేమ, వాదన లాంటివాటి జోలికి పోలేదు. ఏ ప్రశ్న నుంచైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

రూపకం అంటే పద్యాల్లో వచ్చే అలంకారం కదా? మామూలు మాటల్లో రూపకం ఏంటి?

బడిలో చదువుకున్న రూపకాలంకారంలో ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేనట్టు చెబుతారు. ‘సంసార సాగరం’ దీనికి పాత ఉదాహరణ. అది వినగానే ఇక్కడేదో అలంకారం ఉందని తెలిసిపోతుంది. ‘పరీక్షలు దగ్గర పడ్డాయి’ అంటే మాత్రం ఎవరికీ అలా అనిపించదు. కానీ పరీక్షలకు కాళ్లు లేవు, అవి ఎక్కడి నుంచీ నడిచి రావు, వాటికీ మనకూ మధ్య కొలిచే దూరమూ లేదు. అయినా ‘దగ్గర’ అనేశాం, విన్నవాళ్లకు అర్థమైపోయింది.

భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ 1980లో వాదించింది ఇదే. రూపకం మాటకు వేసే నగ కాదు, ఒక రకం అనుభవాన్ని ఇంకో రకం అనుభవం ఆధారంగా అర్థం చేసుకునే పద్ధతి అన్నారు. రూపకం ఉన్నది ఆలోచనలో, మాటలు దాని జాడలు మాత్రమే అన్నది వాళ్ల వాదన. ఆ రెండో ముక్క మీద గొడవలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి.

మ్యాపింగ్ అంటే ఏంటి? ఒక్క ఉదాహరణతో తేల్చి చెప్పండి.

మనకు బాగా తెలిసిన రంగాన్ని మూలరంగం అంటారు. దాని సాయంతో అర్థం చేసుకునే రంగం లక్ష్యరంగం. మూలరంగంలోని ఏ భాగం లక్ష్యరంగంలోని ఏ భాగానికి జత అవుతుందో చెప్పే లెక్కే మ్యాపింగ్.

దారిన నడవడం తీసుకోండి. నడిచే మనిషి ఉంటాడు, అతని ముందు ఇంకా చేరని చోట్లుంటాయి, వెనక దాటొచ్చిన చోట్లుంటాయి. ఇప్పుడు కాలానికి వద్దాం. చేరని చోట్లు భవిష్యత్తుతో జత అవుతాయి, ‘ముందున్నది ముసళ్ల పండగ’ అంటాం. దాటొచ్చినవి గతంతో జత, ‘వెనక్కి తిరిగి చూసుకుంటే’ అంటాం. అడుగు వేయడం అంటే ఒక దశలోకి రావడం, ‘నలభైల్లోకి అడుగుపెట్టాడు’. దారిలో అడ్డంకి అంటే గడ్డుకాలం, అది కూడా ‘దాటేశాం’. దూరం చూడగలిగే కన్ను ‘ముందుచూపు’, ‘దూరదృష్టి’.

ఇవన్నీ వేర్వేరు సందర్భాల్లో, వేర్వేరు మనుషులు వాడే మాటలు. ఎవరూ కూర్చుని ప్లాన్ చేసినవి కావు. అయినా ఒకే బొమ్మలో ఒదుగుతున్నాయి. ‘సిస్టమాటిక్’ అని పుస్తకాల్లో రాసేది ఈ ఒదుగుదలనే.

మూలరంగంలో ఉన్నవన్నీ లక్ష్యరంగంలోకి వస్తాయా?

రావు. దారిలో వెనక్కి మళ్లి బయలుదేరిన చోటికి పోవచ్చు, కాలంలో అది కుదరదు. దారిలో రెండు అడుగులు పక్కకు వేయొచ్చు, కాలంలో ఎడమపక్కకు తప్పుకోవడం అంటూ ఏమీ లేదు. లక్ష్యరంగం స్వభావం ఒప్పుకున్నంత మేరకే మ్యాపింగ్ నడుస్తుంది. అందుకే ఒక రూపకాన్ని వివరించేటప్పుడు ఏవి జత కుదిరాయో చెప్పి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఏవి కుదరలేదో కూడా చెప్పాలి.

ఇది మన అలంకారశాస్త్రంలో ఎప్పుడో ఉంది కదా, కొత్తేముంది?

కొంత ఉంది. అసలు అర్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన ఇంకో అర్థం తీసుకోవడాన్ని మనవాళ్లు లక్షణ అన్నారు. అందులోనూ వాడుకలో స్థిరపడిపోయినదాన్ని రూఢి లక్షణ అని, ఒక ప్రయోజనం కోసం కావాలని చేసేదాన్ని ప్రయోజన లక్షణ అని వేరు చేశారు. ‘పరీక్షలు దగ్గర పడ్డాయి’ లాంటివి రూఢి వైపు పడతాయి.

తేడా ఎక్కడంటే, కావ్యచర్చ ఎక్కువగా ప్రయోజనం ఉన్నదాని వెంటే నడిచింది, ఎందుకంటే రసం అక్కడుంది. రూఢిగా మారిపోయిన మాటల్ని గుంపుగా పోగేసి, వాటి వెనక ఒకే జతల పట్టిక ఉందా అని అడగడం లేకాఫ్, జాన్సన్ ఎత్తుకున్న పని. మనవాళ్లు పక్కన పెట్టిన మాటల కుప్ప వీళ్లకు గని అయింది.

## ‘ముందు’ దగ్గర వచ్చే చిక్కు

‘ముందు ముందు’ అంటే భవిష్యత్తు. ‘ముందు రోజు’ అంటే గడిచిన రోజు. ఒకే మాట రెండు వైపులా ఎలా చూపిస్తుంది?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. న్యాయమైన ప్రశ్న కూడా. ‘మునుముందు ఏమవుతుందో’ అన్నప్పుడు ముందు అంటే రాబోయేది. ‘పరీక్షకు ముందు రోజు నిద్ర పట్టలేదు’ అన్నప్పుడు ముందు అంటే అంతకన్నా పాతది. పైకి చూస్తే పచ్చి విరోధం.

విడదీసి చూడండి. మొదటి వాక్యంలో ‘ఎవరికి ముందు?’ అని అడిగితే ‘మనకు’ అని జవాబు. రెండోదానిలో అదే ప్రశ్న వేస్తే ‘పరీక్షకు’ అని జవాబు. అంటే ముందు అనే మాటకు ఆధారం మారిపోయింది. మొదటిదానిలో మనం నడుస్తున్నాం, మన ముఖం ఎటు ఉందో అటే భవిష్యత్తు. రెండోదానిలో నడుస్తున్నవి సంఘటనలు.

ఒక ఊరేగింపు మనవైపు వస్తోందనుకోండి. మొదట మన దగ్గరికి చేరేవాడు వరసలో ముందున్నవాడు. రెండోవాడు అతని వెనక, మూడోవాడు ఇంకా వెనక. రోజులు కూడా అలాగే వరసకట్టి మనవైపు వస్తున్నాయనుకుంటే, పరీక్ష కంటే తొందరగా వచ్చే రోజు పరీక్షకు ముందుంటుంది. అది ‘ముందు రోజు’. ఆ ఊరేగింపంతా మాత్రం ఇంకా మనకు ముందే ఉంది. ఒకే స్థలంలో రెండు కొలతలు: మన ముఖం లెక్కన ఒకటి, ఊరేగింపు ముఖం లెక్కన ఒకటి.

కాబట్టి మాట గందరగోళంగా లేదు. రెండు మ్యాపింగులు పక్కపక్కన ఉన్నాయి, రెండూ ఎవరి నియమం వాళ్లు పాటిస్తున్నాయి.

‘వెనక’ కూడా అలాగే రెండు రకాలుగా ఉంటుందా?

ఉంటుంది, ఇక్కడే ఆ వివరణకు మంచి పరీక్ష. అది నిజమైతే ‘వెనక’ కూడా అచ్చం అలాగే చీలాలి. చీలుతోంది. ‘వెనకటి రోజుల్లో’, ‘వెనకటికి ఒకడు’ అంటే గతం, అది మన వెనక. ‘ఒకదాని వెనక ఒకటి కష్టాలొచ్చాయి’ అంటే వెనకది తర్వాత వచ్చింది, అది ముందొచ్చిన కష్టం వెనక. ‘వెనువెంటనే’ కూడా ఈ రెండో రకమే: ముందు పోయినదాన్ని అంటిపెట్టుకుని తర్వాత రావడం.

“మీటింగ్ రెండు రోజులు ముందుకు జరిపారు” అని మెసేజ్ వచ్చింది. బుధవారం మీటింగ్ సోమవారమా, శుక్రవారమా?

పంపినవాళ్లను అడగడమే క్షేమం. ఊరేగింపు లెక్కన ముందుకు అంటే తొందరగా, అంటే సోమవారం. మనమే నడుస్తున్న లెక్కన ముందుకు అంటే ఇంకా అవతలికి, అంటే శుక్రవారం. నా చెవికి మాత్రం తెలుగులో ‘జరిపారు’ వచ్చినప్పుడు సోమవారమే ఎక్కువగా వినిపిస్తుంది. ఆలస్యం చేయాలంటే ‘వాయిదా వేశారు’, ‘వెనక్కి నెట్టారు’ అనే అలవాటు మనకుంది కదా.

ఇంగ్లిష్‌లో ఈ ప్రశ్న మీదే ప్రయోగాలు జరిగాయి. అక్కడ మామూలుగా అడిగితే జవాబులు దాదాపు చెరిసగం పడతాయి. లెరా బొరొడిట్‌స్కీ, మైఖేల్ రామ్‌స్కర్ 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి చక్రాల మీద జరిగే ఆఫీసు కుర్చీతో చేశారు. కుర్చీలో కూర్చుని ఒక చోటికి వెళ్తున్నట్టు ఊహించుకున్నవాళ్లు ఎక్కువగా శుక్రవారం వైపు మొగ్గారు. కుర్చీని తాడుతో తమవైపు లాక్కుంటున్నట్టు ఊహించుకున్నవాళ్లు సోమవారం వైపు మొగ్గారు. విమానాశ్రయంలో అడిగితే, అప్పుడే ప్రయాణం చేసి దిగినవాళ్లలో శుక్రవారం అన్నవాళ్లు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాళ్లలో కంటే ఎక్కువ. ప్రయాణం గురించిన ఆలోచన మనసులో ఉంటే కాలంలో కూడా ‘నేనే నడుస్తున్నాను’ అన్న లెక్క పైకొస్తుందన్నమాట.

మెసేజ్ మీరే రాస్తున్నట్టయితే వారం పేరు రాసేయండి, టెన్షన్ ఉండదు.

‘కిందటి వారం’, ‘పై వారం’ అంటాం కదా. కాలానికి పైనా కిందా కూడా ఉందా?

తెలుగులో ఉంది. ‘కిందటి ఏడాది’, ‘పది రోజుల కిందట’ గతం. ‘పై నెల’, ‘ఇకపైన’, ‘ఆ పైన’, ‘ఆ మీదట’ తర్వాతి కాలం. అంటే గతం కింద, తర్వాతది పైన. చైనీస్ మాండరిన్‌లోనూ నిలువు లెక్క ఉంది, కానీ తలకిందులుగా. వాళ్లకు పై నెల గడిచిపోయిన నెల, కింది నెల వచ్చే నెల. నిలువు గీత ఉండాలన్నది ఒకటే, ఏ కొస ఎటు అన్నది ఏ భాషకు ఆ భాష తేల్చుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘పై తరంవాళ్లు’ అంటే మనకన్నా పెద్దవాళ్లు, అంటే పాతవాళ్లు. గతం కింద అన్న నియమానికి ఇది ఎదురు. దీన్ని చూపించి నియమమే తప్పనడం తొందరపాటు. పెద్దరికం పైన, చిన్నరికం కింద అన్నది వేరే మ్యాపింగ్, తరాల లెక్కలో అది నడుస్తోంది. ఒకే మాట ఏ మ్యాపింగ్ కింద పనిచేస్తోందో చూడకుండా జాబితాలో వేసేస్తే ఇలాంటివే అడ్డం తిరుగుతాయి.

భవిష్యత్తు ముందు, గతం వెనక అన్నది అన్ని భాషల్లోనూ ఒకటేనా?

కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల ప్రాంతపు ఐమారా భాషలో ‘నయ్‌రా’ అంటే కన్ను, ముందు అనే అర్థాలున్నాయి, గతానికి వాడేది అదే. ‘ఖిపా’ అంటే వెనక, భవిష్యత్తుకు వాడేది అది. రఫాయెల్ నూన్యెజ్, ఈవ్ స్వీట్సర్ 2006లో వీళ్ల మాటలతో పాటు చేతి సైగల్ని కూడా పరిశీలించి రాశారు. ఆ భాష మాట్లాడే పెద్దవాళ్లు పాత సంగతులు చెబుతూ చేతిని ముందుకు చాపారు, రాబోయేదాని గురించి చెబుతూ భుజం మీదుగా వెనక్కి చూపించారు.

దీనికి ఆ పరిశోధకులు చెప్పిన కారణం చూపు. జరిగిపోయింది మనం చూసింది, కాబట్టి కళ్లముందుంది. జరగబోయేది ఎవరూ చూడలేదు, కాబట్టి వీపు వెనక ఉంది. ‘రేపటిని ఎవరు చూశారు?’ అని మనమూ అంటాం. కానీ మన భాష నడకను పట్టుకుంది, ఐమారా చూపును పట్టుకుంది.

## మీరే పరిశీలించాలనుకుంటే

ఒక వాక్యంలో ఏ మాట రూపకమో, ఏది కాదో ఎలా తేల్చాలి?

ప్రాగ్ల్‌జాజ్ అనే పరిశోధకుల బృందం 2007లో ఒక పద్ధతి ప్రచురించింది. ముందు మొత్తం చదివి అర్థం చేసుకోవాలి. తర్వాత మాటమాటకీ ఇక్కడ దాని అర్థం ఏంటో రాసుకోవాలి. ఆ మాటకు ఇంకెక్కడైనా ఇంతకన్నా మూలమైన అర్థం, అంటే ఒంటికి, కంటికి, చేతికి తగిలే అర్థం ఉందేమో చూడాలి. ఉండి, అది ఇక్కడి అర్థానికి వేరుగా ఉండి, అయినా పోలికతో అర్థమవుతుంటే దాన్ని రూపకంగా గుర్తు పెట్టుకోవాలి.

‘గడువు తరుముకొస్తోంది, మనం ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాం’ అన్న వాక్యం తీసుకుందాం. ‘గడువు’కు ఈ రోజు మనకు తెలిసిన అర్థం ఇక్కడున్నదే, వదిలేద్దాం. ‘తరుముకురావడం’ అంటే మూలంలో ఒక ప్రాణి ఇంకో ప్రాణి వెంటపడి పరుగెత్తడం. ఇక్కడ రోజులు అయిపోతున్నాయని అర్థం. రెండూ వేరు, పోలిక స్పష్టం, కాబట్టి రూపకం. ‘మెట్టు’ కాలు పెట్టే చోటు, ఇక్కడ పనిలో ఒక దశ. అదీ రూపకమే, దాని వెంట ‘మీద’ కూడా. ‘ఇంకా’, ‘మనం’ మామూలు మాటలు.

ఇప్పుడొక విచిత్రం చూడండి. తరిమేది ఎప్పుడూ వెనక నుంచే వస్తుంది. మరి గడువు రాబోయేది కదా, ముందుండాలి కదా? ఇక్కడ పనిచేస్తున్నది దారిన నడిచే మ్యాపింగ్ కాదు, వేట. అందులో ముఖ్యమైనది దిక్కు కాదు, తగ్గిపోతున్న దూరం, భయం. ‘ముంచుకొస్తోంది’ అన్నా అంతే, అక్కడ వేటకు బదులు వరద నీరు. కాలం గురించిన ప్రతి మాటనూ ఒకే బొమ్మలో ఇరికించాలని చూస్తే వాక్యమే ఎదురు తిరుగుతుంది.

ఎన్ని మాటలు దొరికితే ‘ఇక్కడ ఒక భావనాత్మక రూపకం ఉంది’ అనొచ్చు?

సంఖ్య అంటూ లేదు. ఒక్క మాట దొరికితే మాత్రం ఏమీ అనకూడదు, అది ఒంటరి నుడికారం కావచ్చు. చూడాల్సింది మూడు సంగతులు. మాటలు మూలరంగంలోని వేర్వేరు భాగాల నుంచి రావాలి: ఒకటి దూరం నుంచి, ఒకటి అడుగు నుంచి, ఒకటి చూపు నుంచి. కొత్త మాట పుట్టించినా విన్నవాళ్లకు అర్థం కావాలి. ‘ఈ ఏడాది గతుకుల రోడ్డులా ఉంది, వచ్చే ఏడాదైనా హైవే ఎక్కుతామేమో’ అని ఎవరైనా అంటే నిఘంటువు చూడక్కర్లేదు. ఇక మూడోది, మీ బొమ్మ ప్రకారం ఉండకూడనివి ఏవో ముందే చెప్పి, అవి నిజంగా లేవేమో వెతకాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ మూడోదాన్నే. తమకు నచ్చిన ఉదాహరణలు ఇరవై పోగేసి చేతులు దులుపుకుంటారు.

## నమ్మకం కుదరనివాళ్లు అడిగేవి

ఇవన్నీ అరిగిపోయిన మాటలే కదా. మనసులో కూడా అలాగే ఉందనడానికి సాక్ష్యం ఏంటి?

ఈ అనుమానం అవసరమైనదే. మాటల్ని చూపించి ఆలోచనలో రూపకం ఉందనడం, ఆలోచనలో ఉంది కాబట్టే మాటల్లో వచ్చిందనడం, ఇలా వలయంలో తిరుగుతున్నారని మనస్తత్వ పరిశోధకులు గట్టిగానే విమర్శించారు. వలయం తెగాలంటే మాటలు లేని సాక్ష్యం కావాలి.

డేనియల్ కసాసంటో, బొరొడిట్‌స్కీ 2008లో ప్రచురించిన పనిలో అలాంటిదొకటి ఉంది. తెర మీద ఒక గీత పెరుగుతూ కనిపించి మాయమవుతుంది. ఎంతసేపు కనిపించిందో, లేదా ఎంత పొడవుందో మౌస్‌తో చూపించాలి. తెర మీద ఉన్న సమయం సమానమే అయినా, పొడుగు గీతలు ఎక్కువసేపు ఉన్నట్టు, పొట్టి గీతలు తక్కువసేపు ఉన్నట్టు జనానికి అనిపించింది. తిరగేస్తే అలా జరగలేదు. ఎంతసేపు ఉందన్నది పొడవు అంచనాను కదిలించలేదు. కాలం స్థలం మీద ఆనుకుంది, స్థలం కాలం మీద అంతగా ఆనుకోలేదు.

దీనితో ‘ప్రతిసారీ “దగ్గర పడింది” అన్నప్పుడు మనసులో దూరం కొలుస్తున్నాం’ అని రుజువైపోలేదు. అరిగిన మాటను గుడ్డిగా వాడేసే అవకాశం అలాగే ఉంది.

“ఇక్కడి నుంచి పది నిమిషాల దూరం” అంటాం. అప్పుడు స్థలానికే కాలం మూలరంగం అయింది కదా?

మంచి పట్టు. కానీ ఇది రూపకం కంటే, పక్కనున్న సంబంధంతో పేరు మార్చడానికి దగ్గరగా ఉంది. సరళంగా చెబితే, నడిచే పనిలో దూరం, సమయం రెండూ కలిసే ఉంటాయి, ఒకదాని బదులు ఇంకోదాన్ని చెబుతున్నాం. ఇందులో జతల పట్టిక లేదు. ‘మంగళవారం అంత వెడల్పు గది’ అని ఎవరూ అనరు.

తెలుగులో నిలువు కాలం ఉంది కాబట్టి తెలుగువాళ్లు కాలాన్ని నిలువుగా ఆలోచిస్తారనొచ్చా?

అంత దూరం వెళ్లకండి. మాండరిన్ మాట్లాడేవాళ్లు కాలాన్ని నిలువుగా ఎక్కువగా ఆలోచిస్తారని బొరొడిట్‌స్కీ 2001లో రాశారు. చాలా పేరొచ్చింది. 2007లో వేరే పరిశోధకులు అవే ప్రయోగాలు మళ్లీ చేస్తే ఆ ఫలితాలు రాలేదు. తర్వాత వేరే పద్ధతులతో అనుకూలమైన ఫలితాలూ వచ్చాయి, చర్చ మాత్రం ముగియలేదు. పైగా ‘కిందట’ అన్నప్పుడు ‘కింద’ అనే మాట మన మనసులో మెదులుతోందో లేదో కూడా విడిగా పరీక్షించాల్సిన సంగతి.

అసలు కాలానికి స్థలమే ఎందుకు? వేరే రంగం ఏదైనా కావచ్చు కదా?

కాలానికి డబ్బు కూడా మూలరంగమే. ‘టైమ్ ఖర్చయింది’, ‘సమయం ఆదా’ అంటాం. కానీ స్థలం అంత విస్తారంగా ఇంకేదీ పనిచేయదు. దీనికి ఎక్కువమంది ఒప్పుకునే కారణం శరీరం. పాకడం మొదలైన నాటి నుంచి ముందున్న వస్తువు దగ్గరికి చేరడం, కొంతసేపు గడవడం రెండూ ఎప్పుడూ కలిసే జరుగుతాయి. ఎంత దూరమో అంతసేపు. ఇలా ఒకే అనుభవంలో పదేపదే కలిసొచ్చే జంటల నుంచి పుట్టేవాటిని జోసెఫ్ గ్రేడీ 1990లలో ప్రాథమిక రూపకాలు అన్నాడు. పైగా కాలాన్ని పట్టుకోలేం, ముట్టుకోలేం. దూరాన్నయితే కాళ్లతో కొలవొచ్చు, కంటితో అంచనా వేయొచ్చు.